75, 65: హాల్ టికెట్‌ను తేల్చే రెండు సంఖ్యలు

సెమిస్టర్ చివరి వారంలో ఇంజినీరింగ్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక జాబితా పడుతుంది. ప్రతి రోల్ నంబరు ఎదురుగా ఒక శాతం ఉంటుంది. అది 75 గానీ అంతకు మించి గానీ ఉంటే పరీక్షకు అడ్డు లేదు. 65కు తగ్గకుండా, 75కు చేరకుండా ఉంటే కండొనేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. 65కు తగ్గితే ఆ సెమిస్టర్ వరకు డీటైన్ అయినట్టే. పరీక్ష ఫీజు అప్పటికే కట్టినా, పుస్తకాలన్నీ చదివేసినా, మిడ్ పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినా హాల్ టికెట్ రాదు.

ఈ జాబితా పడిన రోజున ప్రిన్సిపల్ గది ముందు తల్లిదండ్రులు బారులు తీరతారు. వాళ్లలో చాలామందికి తమ పిల్లల హాజరు సంగతి తెలిసేది ఆ రోజే. అప్పటికి చేయగలిగింది దాదాపు ఏమీ మిగిలి ఉండదు. అసలు ఈ నిబంధన ఏం చెబుతుంది, లెక్క ఎలా కడతారు, మినహాయింపు ఎవరికి దొరుకుతుంది, దొరకనివారికి ఏమవుతుంది? పిల్లల్ని బీటెక్‌లో చేర్పించిన ప్రతి ఇంటికీ ఇది మొదటి సెమిస్టర్ మొదటి వారంలోనే తెలియాలి.

నిబంధనలో ఉన్న మాట

మన రెండు రాష్ట్రాల్లో అత్యధిక ఇంజినీరింగ్ కాలేజీలు జేఎన్‌టీయూల కింద నడుస్తాయి. 1972లో ఒకే విశ్వవిద్యాలయంగా మొదలై, 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం కేంద్రాలుగా వేరుపడిన సంస్థలివి. ఎవరి నిబంధనావళి వారికి ఉంది. కొన్నేళ్లకోసారి కొత్తది వస్తుంది. ఆర్18, ఆర్20, ఆర్22 అని విద్యార్థులు పిలుచుకునేవి అవే. అయినా హాజరు విషయంలో మూలసూత్రం మాత్రం మారలేదు. సెమిస్టర్‌లోని సబ్జెక్టులన్నీ కలిపి మొత్తం మీద కనీసం 75 శాతం హాజరు ఉండాలి. సరైన కారణం, దానికి ఆధారం ఉంటే 10 శాతం వరకు లోటును కాలేజీ అకడమిక్ కమిటీ మన్నించవచ్చు. 65కు తగ్గితే ఎట్టి పరిస్థితిలోనూ మన్నించడానికి వీల్లేదు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు సొంత నిబంధనలు రాసుకున్నా, అక్కడా ఎక్కువగా ఈ సంఖ్యలే కనిపిస్తాయి. కొన్ని నిబంధనావళుల్లో మొత్తం హాజరుతో పాటు ఒక్కో సబ్జెక్టులోనూ ఇంత కనీసం ఉండాలన్న షరతు అదనంగా ఉంటుంది. కాబట్టి మన బ్యాచ్‌కు వర్తించే నిబంధనావళిని కాలేజీ వెబ్‌సైట్ నుంచి తీసుకుని, హాజరు గురించి రాసిన ఆ ఒకటి రెండు పేజీలైనా చదవడం అవసరం.

ఇందులో 'మొత్తం మీద' అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ఒక్కో సబ్జెక్టు శాతాన్ని చూసుకుని, వాటన్నింటికీ సగటు కట్టి, 75 వచ్చిందని నిశ్చింతగా ఉంటారు. లెక్క అలా కట్టరు. సెమిస్టర్‌లో మొత్తం ఎన్ని పీరియడ్లు జరిగాయి, వాటిలో ఎన్నింటికి హాజరయ్యారు అనే రెండే చూస్తారు. ఒక సబ్జెక్టులో 64 పీరియడ్లు జరిగితే 32కు వెళ్లాడనుకుందాం. అది 50 శాతం. వారానికి ఒక్కటే ఉండే ఇంకో సబ్జెక్టులో 16కు 16 వెళ్లాడు. అది 100 శాతం. రెండింటి సగటు 75. కానీ పీరియడ్లు కలిపి చూస్తే 80కి 48, అంటే 60 శాతమే. సగటు చూసుకున్నవాడు గట్టెక్కాననుకుంటాడు, లెక్కలో మాత్రం కనీస గీతకు కూడా కిందే ఉంటాడు.

ల్యాబ్ సంగతి కూడా ఇలాంటిదే. ల్యాబ్ సాధారణంగా వరుసగా మూడు పీరియడ్లు ఉంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంటికి వెళ్లిపోయిన విద్యార్థి తన మనసులో ఒక క్లాసు మానేశాడు. రిజిస్టర్‌లో మూడు పోయాయి.

ఒక సెమిస్టర్ లెక్క చూద్దాం

రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్, పిల్లల భాషలో టూ వన్, చదువుతున్న ఒక విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. రోజుకు ఆరు పీరియడ్లు, వారానికి అయిదు రోజులు, అంటే వారానికి 30. పదహారు వారాలకు 480 పీరియడ్లు. మిడ్ పరీక్షలకు ఇచ్చే హాజరు కూడా ఇందులోనే కలిసి ఉందనుకుందాం. 480లో 75 శాతమంటే 360. 65 శాతమంటే 312. ఈ సెమిస్టర్‌కు సంబంధించినంత వరకు అతని భవిష్యత్తు ఈ రెండు సంఖ్యల మధ్యే ఉంది.

మొదటి ఎనిమిది వారాల్లో 240 పీరియడ్లు జరిగాయి. అతను 150కి హాజరయ్యాడు. పోయిన 90 ఎక్కడికి పోయాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. అక్క పెళ్లికి ఊరెళ్లి ఒక వారం ఉన్నాడు, 30 పోయాయి. పది మధ్యాహ్నాలు ల్యాబ్ ఎగ్గొట్టాడు, మరో 30. మిగతా 30 కేవలం ఆలస్యం వల్ల పోయినవి. ఊరి నుంచి వచ్చే బస్సు పావుగంట ఆలస్యం కావడంతో ముప్ఫై రోజులు మొదటి పీరియడ్ అందలేదు. అతని దృష్టిలో మాత్రం తాను కాలేజీకి దాదాపు రోజూ వెళ్తూనే ఉన్నాడు. ఇంట్లో అమ్మానాన్నలదీ అదే నమ్మకం, పొద్దున్నే బ్యాగు వేసుకుని బయల్దేరడం వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు మరి. రోజూ ఒక పీరియడ్ చొప్పున పోయింది మాత్రం పెళ్లికి మానిన వారమంతటితో సమానం.

ఎనిమిదో వారం ముగిసేసరికి అతని హాజరు 62.5 శాతం. ఇక్కడ ఒక చిన్న లెక్క ప్రతి విద్యార్థికీ పనికొస్తుంది. జరిగిన పీరియడ్లను మూడుతో గుణించండి. హాజరైనవాటిని నాలుగుతో గుణించి అందులోంచి తీసేయండి. మిగిలినన్ని పీరియడ్లకు ఒక్కటి కూడా మానకుండా వెళ్తే సరిగ్గా 75 శాతానికి చేరతారు. ఇతని విషయంలో 240ని మూడుతో గుణిస్తే 720. 150ని నాలుగుతో గుణిస్తే 600. తేడా 120 పీరియడ్లు, అంటే నాలుగు వారాలు. ఇంకా ఎనిమిది వారాలు చేతిలో ఉన్నాయి కాబట్టి దారి ఉంది. ఇదే విద్యార్థి పన్నెండు వారాలు గడిచాక, అదే 62.5 శాతంతో ఈ లెక్క వేసుకుని ఉంటే? అప్పటికి 360 జరిగి 225కు హాజరై ఉంటాడు. కావలసినవి 180, మిగిలినవి 120. ఇక 75 అందదు. శాతం అదే అయినా, నాలుగు వారాల ఆలస్యంతో ఒకటి సాధ్యం, రెండోది అసాధ్యం.

మన విద్యార్థి తొమ్మిది, పది వారాల్లో బుద్ధిగా అన్నింటికీ వెళ్లాడు. 300కు 210, సరిగ్గా 70 శాతానికి వచ్చాడు. అప్పుడు టైఫాయిడ్ పట్టుకుంది. రెండు వారాలు మంచం దిగలేదు. 360కి 210, శాతం 58.3కు పడిపోయింది. మిగిలిన నాలుగు వారాలూ ఒక్క పీరియడ్ కూడా మానకపోతే 480కి 330 అవుతాయి, అంటే 68.75 శాతం. 75 రాదు, కండొనేషన్‌కు మాత్రం అర్హత ఉంటుంది. 312 గీతకు పైన అతనికి మిగిలిన వెసులుబాటు 18 పీరియడ్లు, అంటే మూడంటే మూడు రోజులు. జ్వరం తగ్గినా నీరసంగా ఉందని నాలుగో రోజు కూడా ఇంట్లో ఉండిపోతే గీత కిందికి జారతాడు. పందొమ్మిదో పీరియడ్ పోయిన క్షణాన హాజరు 311, శాతం 64.79. దాన్ని 65గా సవరించి చూడాలని నిబంధనలో ఎక్కడా లేదు.

మిడ్ పరీక్షతో వచ్చే పీరియడ్లు

హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనల్లో చాలామంది గమనించని వాక్యం ఒకటుంది. థియరీ సబ్జెక్టులో మిడ్ పరీక్ష రాసిన విద్యార్థికి ఆ సబ్జెక్టులో రెండు పీరియడ్ల హాజరు ఇస్తారు. అయిదు థియరీ సబ్జెక్టులుంటే ఒక్కో మిడ్‌కు పది పీరియడ్లు, రెండు మిడ్‌లకు ఇరవై. మూడు రోజుల వెసులుబాటుతో నడుస్తున్న విద్యార్థికి పది పీరియడ్లు చిన్న విషయం కాదు.

మిడ్‌కు సరిగ్గా చదవలేదని రాయకుండా ఊరుకునేవాళ్లు ఉంటారు. ఇలా చేస్తే అంతర్గత మార్కులతో పాటు హాజరు కూడా పోతుంది. తక్కువ మార్కులు వస్తాయని తెలిసినా మిడ్ రాయడానికి ఇది ఒక గట్టి కారణం.

కండొనేషన్ అంటే హాజరు కలపడం కాదు

ఆసుపత్రి చీటీ తెచ్చి ఇస్తే ఆ రోజులకు హాజరు వేస్తారనే నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. బడిలో సెలవు చీటీ ఇచ్చిన అలవాటు అలాంటిది. కాలేజీలో ఇలా మాట్లాడుకోవడం మామూలే:

"సార్, బాబుకు టైఫాయిడ్ వచ్చింది. రెండు వారాలు ఆసుపత్రి చుట్టూనే తిరిగాం. ఆ రెండు వారాలూ తీసేసి లెక్క కట్టండి సార్."

"తీసేయడానికి ఉండదండీ. జ్వరానికి మానినా, సినిమాకు మానినా రిజిస్టర్‌లో గైర్హాజరే. మీ కాగితాలు పనికొచ్చేది కండొనేషన్ అడిగేటప్పుడు. అది కూడా 65 దాటితేనే."

ఈ మాట ఆ తండ్రికి కటువుగా వినిపించినా, హెచ్‌ఓడీ చెప్పింది నిబంధనే. అనారోగ్యం వల్ల పోయిన పీరియడ్లు మొత్తంలోంచి తీసేయరు, హాజరులో కలపరు. 75కు, 65కు మధ్య ఉన్న ఆ 10 శాతం ఉన్నదే ఇలాంటి కష్టాల కోసం. మరి ఆ పైన ఉన్న 25 శాతం? అది కూడా సెలవుల కోటా ఏమీ కాదు. జ్వరాలు, పెళ్లిళ్లు, చావులు, బస్సు ఆలస్యాలు అన్నీ అందులోనే సర్దుకోవాలని నిబంధన ఉద్దేశం. ఆ 25ను ముందే సరదాలకు ఖర్చు పెట్టుకున్నవాడికి నిజమైన కష్టం వచ్చినప్పుడు మిగిలేది ఆ 10 ఒక్కటే.

కండొనేషన్ ఎలా జరుగుతుందంటే, సెమిస్టర్ తరగతులు ముగిసే ముందు విభాగం జాబితా తయారు చేస్తుంది. 65కు, 75కు మధ్య ఉన్నవారు కారణం రాసి, ఆధారాలు జతచేసి హెచ్‌ఓడీ ద్వారా దరఖాస్తు పెట్టాలి. అకడమిక్ కమిటీ పరిశీలిస్తుంది. ఒప్పుకుంటే విద్యార్థి నిర్ణీత రుసుము కడతాడు. ఆ పేర్లు విశ్వవిద్యాలయానికి వెళ్తాయి. ఆ తర్వాతే హాల్ టికెట్. రుసుము కట్టడంతో పని అయిపోతుందని విద్యార్థుల్లో ఒక అభిప్రాయం ఉంది. నిబంధనలో ఉన్నది 'మన్నించవచ్చు' అని, 'మన్నించాలి' అని కాదు. ముందు కారణం నిలబడాలి, రుసుము తర్వాతి మాట.

కారణం ఎలా నిలబడుతుంది? మన విద్యార్థినే చూడండి. టైఫాయిడ్ వల్ల పోయినవి 60 పీరియడ్లు. నిజంగా జబ్బు పడకపోయి ఉంటే 480కి 390, అంటే 81.25 శాతం ఉండేది. కమిటీ ముందు పెట్టాల్సిన మాట ఇదే. లోటుకు కారణం జబ్బే, అది తీసేస్తే హాజరు సరిపోయేదని అంకెలతో చూపడం. దానికి తోడుగా ఆసుపత్రిలో చేరిన, బయటికి వచ్చిన తేదీలున్న డిశ్చార్జ్ కాగితం, రక్తపరీక్ష నివేదిక, మందుల చీటీలు ఉండాలి. ఆ తేదీలు రిజిస్టర్‌లో గైర్హాజరైన తేదీలతో కలవాలి. కలవకపోతే మొదట పట్టుకునేది దాన్నే. సెమిస్టర్ చివర్లో ఎక్కడో రాయించుకొచ్చిన ఒక్క సర్టిఫికెట్‌కూ, జబ్బు పడిన వారంలోనే కాలేజీకి పంపిన ఉత్తరానికీ కమిటీ ఇచ్చే విలువ ఒకటి కాదు. జ్వరం వచ్చిన రెండో మూడో రోజునే తండ్రి గానీ తల్లి గానీ క్లాస్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి, ఒక ఉత్తరం పంపి ఉంచితే ఆ కాగితమే తర్వాత అండగా నిలుస్తుంది.

ఎన్‌సీసీ క్యాంపులు, విశ్వవిద్యాలయ క్రీడాపోటీలు, కాలేజీ తరఫున వెళ్లే ఇతర కార్యక్రమాల సంగతి కొంత వేరు. వీటికి చాలా కాలేజీల్లో ఆన్ డ్యూటీ, పిల్లల మాటల్లో ఓడీ, ఇస్తారు. ఇది కాలేజీని బట్టి మారుతుంది. వెళ్లే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. వెళ్లొచ్చాక అడిగితే ఎంతో నిజాయతీగా వెళ్లినవాడికీ దక్కకపోవచ్చు.

డీటైన్ అయితే ఏం పోతుంది?

డిటెన్షన్ అంటే ఫెయిల్ కావడం లాంటిదే అనుకుంటారు. అంతకన్నా పెద్ద నష్టం. సబ్జెక్టులో ఫెయిలైన విద్యార్థి దగ్గర అంతర్గత మార్కులు మిగిలే ఉంటాయి. సప్లిమెంటరీ రాసుకుంటాడు, తోటివాళ్లతో పాటు తర్వాతి సెమిస్టర్‌లో కూర్చుంటాడు. హాజరు లోటుతో డీటైన్ అయినవాడికి ఆ సెమిస్టర్ నమోదే రద్దవుతుంది. రాసిన మిడ్‌లు, సమర్పించిన అసైన్‌మెంట్లు, ల్యాబ్ మార్కులు అన్నీ కొట్టుకుపోతాయి. పై సెమిస్టర్‌కు పంపరు. మళ్లీ ఆ సెమిస్టర్ నడిచినప్పుడు రీఅడ్మిషన్ తీసుకుని, సబ్జెక్టులన్నీ మొదటి నుంచి చదవాలి.

'మళ్లీ ఆ సెమిస్టర్ నడిచినప్పుడు' అన్న షరతులోనే ఏడాది పోతుంది. టూ వన్ సెమిస్టర్ ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది. డిసెంబర్‌లోనో జనవరిలోనో డీటైన్ అయినవాడు తర్వాతి విద్యాసంవత్సరం మొదలయ్యేదాకా ఆగాలి. జూనియర్లతో కలిసి కూర్చోవాలి. ఈ లోపు విశ్వవిద్యాలయం కొత్త నిబంధనావళి తెచ్చి ఉంటే ఆ బ్యాచ్ సిలబస్‌లోకి వెళ్లాలి. అప్పుడు తాను ముందే చదివేసినవి ఏవి, కొత్తగా రాయాల్సినవి ఏవి అన్నది తేల్చుకోవడం మరో పని. నాలుగేళ్ల బీటెక్‌ను ఎనిమిదేళ్లలోపు పూర్తి చేయాలన్న గడువు కూడా నడుస్తూనే ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు ఇంకో దెబ్బ. ఆ పథకానికి కూడా 75 శాతం హాజరు అడుగుతారు. చదివిన సెమిస్టర్‌నే మళ్లీ చదివితే ఆ ఫీజు సాధారణంగా ఇంటి మీదే పడుతుంది.

క్రెడిట్లు చాలక ఆగిపోవడాన్ని కూడా డిటెన్షన్ అనే అంటారు. రెండూ ఒకటి కాదు. ఇక్కడ విద్యార్థి పరీక్షలు రాశాడు, కావలసినన్ని సబ్జెక్టులు పాస్ కాలేదు. అతను పాస్ అయినవి అతనివే. మిగిలినవి సప్లిమెంటరీలో రాసి క్రెడిట్లు తెచ్చుకుంటే పైతరగతికి వెళ్తాడు. హాజరు డిటెన్షన్‌లో అలా రాసుకోవడానికి ఏ పరీక్షా ఉండదు, మళ్లీ తరగతిలో కూర్చోవడం ఒక్కటే దారి. పాత సెమిస్టర్ల బ్యాక్‌లాగులు ఉన్నవారు మాత్రం ఖాళీగా ఉన్న నెలల్లో వాటిని పూర్తి చేసుకుంటే పోయిన ఏడాదిలో కొంతైనా దక్కించుకున్నట్టు అవుతుంది.

65 గీతను కదిలించేది ఎవరు?

నిజమైన ఆపదలో ఉన్నవారి విషయంలోనూ ఈ గీత కదలదా అని అడగడం న్యాయం. ఏ రోజూ మానని విద్యార్థినికి ప్రమాదం జరిగి, శస్త్రచికిత్స అయి, ఆరు వారాలు మంచం మీదే ఉండాల్సి వచ్చిందనుకుందాం. ఆరు వారాలంటే 180 పీరియడ్లు. మిగతా పది వారాలూ పూర్తిగా వెళ్లినా 480కి 300, అంటే 62.5 శాతం. ఆధారాలన్నీ నికార్సైనవే, అయినా కమిటీ చేతుల్లో ఏమీ లేదు. మన లెక్క ప్రకారం, ఏ తప్పూ లేని విద్యార్థికైనా ఈ నిబంధన తట్టుకోగలిగేది అయిదున్నర వారాల జబ్బును మాత్రమే.

ఇలాంటప్పుడు కాలేజీ మీద ఒత్తిడి తెచ్చి, ఎవరో పెద్దమనిషితో ఫోన్ చేయించి లాభం లేదు. హాజరు వివరాలు సెమిస్టర్ నడుస్తుండగానే విశ్వవిద్యాలయానికి చేరుతుంటాయి. హైదరాబాద్ జేఎన్‌టీయూ అయితే పదిహేను రోజులకోసారి వెబ్‌సైట్‌లో ఎక్కించాలని చెబుతుంది. చివర్లో సంఖ్య మార్చడమంటే రికార్డును తారుమారు చేయడమే. అందుకే దీర్ఘకాలం మానాల్సి వస్తుందని వైద్యులు చెప్పిన వారంలోనే ప్రిన్సిపల్‌ను కలవాలి. ఆ సెమిస్టర్‌ను ఆపుకుని తర్వాతి ఏడాది తిరిగి చేరడం గురించి విశ్వవిద్యాలయానికి రాయాలి. ఏడాది ఎలాగూ పోతుందని తెలిసినప్పుడు, కోలుకోని ఒంటితో పదిహేను రోజులు కాలేజీకి ఈడ్చుకుంటూ వెళ్లి, చివరికి డీటైన్ కావడం కన్నా అది మేలు.

గీత కదిలిన సందర్భాలు లేకపోలేదు. అవి నిబంధన మారినప్పుడు వచ్చినవి. తల్లులైన విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని యూజీసీ 2021 డిసెంబర్‌లో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం 2023 జనవరిలో విద్యార్థినులకు నెలసరి దృష్ట్యా ప్రతి సెమిస్టర్‌లో 2 శాతం అదనపు మినహాయింపు ప్రకటించింది. 2025 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు, హాజరు తగ్గిందన్న కారణంతో న్యాయవిద్యార్థులను పరీక్షకు దూరం పెట్టకూడదని తీర్పు చెప్పింది. అది లా కోర్సుల గురించి ఇచ్చిన తీర్పు. దాన్ని చూసి బీటెక్ విద్యార్థి తనకూ వర్తిస్తుందనుకుంటే పొరపాటు. అతనికి వర్తించేది అతని విశ్వవిద్యాలయ నిబంధనే.

తప్పు రిజిస్టర్‌లోనూ ఉండవచ్చు

హాజరు తగ్గిన ప్రతిసారీ తప్పు విద్యార్థిదే కాదు. తరగతికి వెళ్లినా నమోదు కాకపోవడం అరుదేమీ కాదు. ఒక అధ్యాపకుడి బదులు ఇంకొకరు వచ్చి క్లాసు తీసుకున్న రోజు హాజరు ఎక్కకుండా పోతుంది. ఎలక్టివ్ మార్చుకున్నవారి పేరు రెండు వారాల పాటు పాత జాబితాలోనే ఉండిపోతుంది. పాలిటెక్నిక్ చదివి నేరుగా రెండో ఏడాదిలో చేరినవారి రోల్ నంబర్లు జాబితా చివర్లో ఉంటాయి. వాళ్లు ల్యాబ్ బ్యాచ్ మారినప్పుడు గందరగోళం వస్తుంది. బయోమెట్రిక్ యంత్రం వేలిముద్ర తీసుకోదు.

ఇవన్నీ సరిదిద్దగలిగినవే, జరిగిన వారం పది రోజుల్లో అడిగితే. ఆ అధ్యాపకుడికి ఆ క్లాసు గుర్తుంటుంది, ల్యాబ్ రికార్డులో ఆ రోజు తేదీతో సంతకం ఉంటుంది, పక్కన కూర్చున్న స్నేహితుడు చెబుతాడు. మూడు నెలల తర్వాత ఇవేవీ ఉండవు. పదిహేను రోజులకోసారి ప్రతి సబ్జెక్టులో జరిగిన పీరియడ్లు, తనకు పడిన హాజరు నోట్‌బుక్‌లో రాసుకునే విద్యార్థి ఈ తప్పును వెంటనే పట్టుకుంటాడు. ఒక సబ్జెక్టులో హాజరు ఉన్నట్టుండి తగ్గి, అదే రోజుల్లో మిగతా సబ్జెక్టుల్లో సరిగ్గానే ఉంటే అది నమోదులో జరిగిన పొరపాటని అనుమానించాలి.

కాలేజీ ఎప్పుడు మేల్కోవాలి?

75 నిబంధన ఉండాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది వేరు. ఉన్న నిబంధన స్వభావాన్ని బట్టి చూస్తే, 65 కిందికి వెళ్లాక కాలేజీలో ఎవరికీ అధికారం లేదు. హెచ్‌ఓడీకి లేదు, ప్రిన్సిపల్‌కూ లేదు. అలాంటప్పుడు విద్యార్థి మీద చూపాల్సిన శ్రద్ధ, దయ అన్నీ ఆ గీత దాటకముందే చూపించాలి. దాటాక చూపించేది సానుభూతి మాత్రమే, దానితో హాల్ టికెట్ రాదు.

చాలా కాలేజీలు 75 దాటనివారి ఇళ్లకు ఎస్సెమ్మెస్ పంపి చేతులు దులుపుకుంటున్నాయి. 'మీ అబ్బాయి హాజరు 62.5 శాతం' అన్న సందేశం చదివిన తల్లికి ఏం అర్థమవుతుంది? మార్కుల్లా చూస్తే అది ఫస్ట్ క్లాసు. ఎనిమిదో వారం ముగిసిన రోజున ప్రతి ఇంటికీ తెలుగులో మూడు విషయాలు చేరాలి. ఇప్పటివరకు ఎన్ని పీరియడ్లు జరిగితే ఎన్నింటికి వచ్చాడు, 75 రావాలంటే ఇక వరుసగా ఎన్నింటికి రావాలి, 65 కిందికి పోకుండా ఇంకా ఎన్ని మాత్రమే మానవచ్చు. మన ఉదాహరణలోని విద్యార్థికైతే ఆ సందేశం ఇలా ఉంటుంది: 240కి 150 వచ్చాడు, 75 కోసం వరుసగా 120కి రావాలి, 65 నిలబడాలంటే మిగిలిన 240లో 78కి మించి మానకూడదు. ఈ మూడు అంకెలూ కాలేజీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్నాయి. కొత్త ఖర్చు లేదు, కొత్త అనుమతి అక్కర్లేదు.

ఆ సందేశం అందిన ఇంట్లో బస్సు ఆలస్యం సంగతి అప్పుడే బయటపడుతుంది, ముందు బస్సు ఎక్కమని అప్పుడే చెబుతారు, ల్యాబ్ ఎందుకు మానుతున్నావని అప్పుడే అడుగుతారు. టైఫాయిడ్‌ను ఎవరూ ఆపలేకపోవచ్చు. బస్సు వల్ల పోయిన 30, ల్యాబ్‌ల వల్ల పోయిన 30 పోకుండా ఉంటే, రెండు వారాల జబ్బు తర్వాత కూడా ఆ విద్యార్థి 480కి 390తో, కమిటీ ముందుకు వెళ్లే పనే లేకుండా పరీక్ష రాసేవాడు. నోటీసు బోర్డు మీద చివరి వారంలో అతికించే జాబితాను ఎనిమిదో వారంలోనే ఇళ్లకు పంపడం కాలేజీల బాధ్యత. పంపకపోతే వెళ్లి అడిగి తెచ్చుకోవడం తల్లిదండ్రుల హక్కు.